సామాన్లు సర్దే ఆవిడ

ఆవిణ్ణి అందరూ తుప్పక్క అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది. కొత్త ఇనప గేటు పొద్దున్న ఇచ్చి వెళ్తే, సాయంత్రానికి దాన్ని ఎన్నో వానలు తిన్న గేటు చేసి నిలబెడుతుంది. అందులో మాయా లేదు, మంత్రమూ లేదు. ఇటుకపొడి, జిగురు, రెండు మూడు రంగులు, ఓ స్పాంజి ముక్క, బోలెడంత ఓపిక. సినిమాల్లో పాతకాలం చూపించాలంటే, అదీ చేతిలో డబ్బు లేకుండా చూపించాలంటే, ఆవిడే దిక్కు. డబ్బున్న మారాజులు ఊళ్ళకి ఊళ్ళే కట్టించుకుంటారు, వాళ్ళకి ఆవిడతో ఏం పని?

ఆవిడకో పగ ఉంది. అది ముందే చెప్పెయ్యడం మంచిది, ఎందుకంటే ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఒకప్పుడు ఆవిడ మొగుడు ఓ చిన్న సినిమా తీశాడు. నలభై ఏళ్ళ కిందటి కాలం కథ. ఆ ఇళ్ళు, ఆ వీధి, ఆ బస్సు స్టాపు మొత్తం ఈవిడ చేతి పనే. సినిమా చూసినవాళ్ళందరూ కథ సంగతి పక్కనపెట్టి ఆ ఇళ్ళ గురించే మాట్లాడారు. తెర మీద మాత్రం కళ, దర్శకత్వం రెండింటికీ ఆయన పేరే పడింది. పోనీలే, మొగుడే కదా అనుకుంది. బహుమతి ఇచ్చే రోజున వేదిక మీద ఎవరో అడిగారు, ఆ కాలాన్ని అంత బాగా ఎలా పట్టుకున్నారండీ అని. ఆయన నవ్వి, "అంతా చిన్నప్పట్నుంచీ నా కళ్ళలో ఉన్నదేనండీ. ఇంట్లో మా ఆవిడుంది, సామాన్లు సర్దిపెడుతుంది," అన్నాడు. హాలంతా ఘొల్లున నవ్వింది. తుప్పక్క మూడో వరసలో కూర్చుని ఉంది. పక్కనున్నావిడ కూడా నవ్వింది.

ఆ తర్వాత కాపురం కూడా పోయింది, దానికి కారణాలు వేరే ఉన్నాయి. మనిషిని వదిలేసింది గానీ ఆ మాటని వదల్లేదు. పాము పగ పన్నెండేళ్ళంటారు. పాముకి మతిమరుపు కాబోలు, తుప్పక్కకి లేదు.

తర్వాత ఆయన పెద్ద సినిమాలు తీశాడు, అవి వరసగా బోల్తా కొట్టాయి. చివరికి పైపుల వ్యాపారం చేసే ఒకాయన దొరికాడు నిర్మాతగా. కథేమిటంటే, డైరెక్టరు గారి సొంత బాల్యం. దేవుడులాంటి తండ్రి, వంటింట్లో పాటలు పాడుకునే తల్లి, ముద్దుల కొడుకు. పైపులాయన కథ విని కళ్ళు తుడుచుకున్నాడు గానీ సంచి మూతి మాత్రం బిగించే పట్టుకున్నాడు. ఇంత తక్కువలో ఆ కాలం చూపించాలంటే తుప్పక్కే రావాలి, ఆవిడ లేకపోతే నేనూ లేనని తేల్చేశాడు. అవసరం గాడిద కాళ్ళయినా పట్టిస్తుంది. డైరెక్టరు గారే ఫోన్ చేశాడు. ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది, కళ అన్న చోట తెర మీద తన పేరు ఒంటరిగా పడాలని. ఆయన ఒప్పుకున్నాడు. "అచ్చం మా ఇల్లులా ఉండాలి. నాకు సరిగ్గా గుర్తులేనివి అమ్మనడుగు," అన్నాడు.

ఫోన్ పెట్టేసి తుప్పక్క చాలాసేపు నవ్వుకుంది. ఇన్నాళ్ళకి పిట్ట దానంతటదే వచ్చి వలలో కూర్చుంది.

మొదట తట్టిన ఉపాయం చవకబారుది. ఈ కాలపు వస్తువు ఒకటి, ఏ ప్లాస్టిక్ బకెట్టో, ఓ మూల పెట్టేస్తే సరి. ఆయన మొహాలు తప్ప ఇంకేమీ చూడడు, కనిపెట్టలేడు. సినిమా వచ్చాక ఎవడో ఒకడు పట్టుకుంటాడు, లోకమంతా నవ్వుతుంది. ఒక రోజంతా ఆ ఊహతోనే కడుపు నింపుకుంది. మర్నాటికి బుద్ధి వచ్చింది. ఎదుటివాడికి అపశకునం చెయ్యాలని తన ముక్కు కోసుకున్నట్టు, ఆ బకెట్టు పడేది తన పేరు కిందేగా. అబద్ధం పెడితే నా పేరు పోతుంది, మరి వాడి పేరు పోవాలంటే ఏం పెట్టాలి అని ఆలోచిస్తూ ఆవిడ అత్తగారింటికి వెళ్ళింది.

మొగుడు పోయినా అత్తగారు మిగిలింది ఆవిడకి. అలాంటివాళ్ళు ఎక్కడో గానీ ఉండరు. విడాకులయ్యాక కూడా ఇద్దరూ అమ్మాయ్ అంటే అత్తయ్యా అనుకుంటూనే ఉన్నారు. ముసలావిడ చిన్న ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటుంది. భర్త పోయి చాలా కాలమైంది. మాట తక్కువ. కొడుకు సినిమా గురించి ఎవరడిగినా, తీసుకోనీ, వాడి ముచ్చట వాడిది అంటుంది.

తుప్పక్క పద్ధతి ఒకటుంది. ఎవరింటికి వెళ్ళినా ఏ వస్తువులుండేవి అని అడగదు. చేతులు ఎక్కడ పడేవి, నడుము ఎక్కడ ఆనేది, ఏ మూల ఎవరూ తుడిచేవాళ్ళు కాదు అని అడుగుతుంది. పాత వస్తువులు ఏ పాత సామాన్ల కొట్లోనైనా దొరుకుతాయి. వాటిని తెచ్చి వరసగా పేరిస్తే గది మ్యూజియంలా ఉంటుందే తప్ప మనుషులు మసిలినట్టుండదు. రంగు ఎక్కడ అరిగిందో, నూనె మరక ఎక్కడ పాకిందో, గోడ మీద తల ఆనించిన జిడ్డు ఏ ఎత్తులో ఉందో, అవి చూస్తేనే జనం నమ్ముతారు. ఇంకో సంగతి, ఫలానా సంవత్సరం కథ కదా అని అన్నీ ఆ సంవత్సరానివే పెట్టకూడదు. ఏ ఇంట్లో చూసినా సగం సామాను అంతకుముందు తరానిది, కొత్తది ఒకటో రెండో ఉంటాయి, వాటిని అందరికీ కనబడేలా పెట్టుకుంటారు.

అత్తగారు మంచినీళ్ళ గ్లాసులో వేలు ముంచి బల్ల మీద ఇంటి ప్లాను గీసింది. ఇక్కడ వంటిల్లు, దాని ముందు ఈ గది, ఇక్కడ మీ మామగారి కుర్చీ, ఆయన వెనకే సామాన్ల గది తలుపు. కుర్చీకి కుడి చెయ్యే అరిగి ఉంటుందంది, ఎడం చేత్తో పేపరు పట్టుకుని కుడిచేత్తో దాని మీద కొడుతూ ఉండేవారట, టక్ టక్ టక్‌మని. రేడియో మీద కుట్టుపని గుడ్డ ఉండేదంది. తర్వాత సామాన్ల గది తలుపు దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది.

"గొళ్ళెం బయటి వైపు, పైన ఉండేది. బాగా పైన. లోపలి వైపు, కింద, రంగు పోయి చెక్క కనపడేది."

"సామాన్ల గదిలో కిందెందుకు పోతుంది అత్తయ్యా?"

"కూర్చునేదాన్ని," అంది ముసలావిడ.

తుప్పక్క బతుకంతా అరుగుదళ్ళు చదువుకునే బతుకు. ఆవిడకి ఇంకేం చెప్పక్కర్లేదు. తలుపుకి వీపు ఆనించి కూర్చుంటే రంగు పోయేది ఆ ఎత్తులోనే. మూసిన తలుపుకే వీపు ఆనించుకుంటారు. సామాన్ల గదిలో తలుపు మూసుకుని ఎవరూ సరదాకి కూర్చోరు, అందులోనూ గొళ్ళెం బయట ఉన్నప్పుడు. అత్తగారు తడి వేలితో ఆ తలుపు పక్కనే చిన్న చదరం గీసి, ఇక్కడో స్టూలు పెట్టు, పచ్చరంగుది, ఎత్తు తక్కువది అంది. ఎందుకని అడిగితే, ఉండేది అని ఊరుకుంది. నీళ్ళ గీతలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

తిరిగి వస్తూ దారి పొడుగునా తుప్పక్క ఆ సినిమా కథనే తలుచుకుంది. దేవుడులాంటి తండ్రి అట. పాటలు పాడుకునే తల్లి అట. వీడు నన్నే కాదు, కన్నతల్లిని కూడా సామాన్లలో కలిపేశాడు అనుకుంది. అయితే ఉపాయం దొరికింది. అబద్ధం పెడితే నా పేరు పోతుంది. నిజం పెడితే వాడి పేరు పోతుంది. అచ్చం మా ఇల్లులా ఉండాలన్నాడుగా, ఉంటుంది. నలుగురి ముందూ, కెమెరా ముందూ, ఆ తలుపు చూసి వాడి నోట మాట పడిపోవాలి. ఇంతకన్నా ఆవిడకి ఈ సినిమా నుంచి ఏమీ అక్కర్లేదు.

కూల్చేయబోతున్న ఒక ఇల్లు తక్కువ అద్దెకి దొరికింది. గోడలు పాతవే గానీ ఒంటి నిండా కొత్త నగలు. అల్యూమినియం కిటికీలు, మెరిసే టైల్సు, తెల్లటి స్విచ్చులు. ఇల్లంతా మార్చే స్తోమతు లేదు. కెమెరామన్‌ని, ఆయన్ని పెద్దాయన అంటారు, గదిలో నిలబెట్టి, కెమెరా ఇటు రెండు గోడల వైపే చూడాలి, వెనక రెండూ నాకొద్దు అని ఒప్పించుకుంది. డబ్బు లేనివాళ్ళ పద్ధతి అదే, కెమెరా చూసే మేరకే కాలం వెనక్కి వెళ్తుంది. ఆ రెండు గోడలకీ ప్లాస్టిక్ పెయింటు నిగనిగ కనపడకుండా మెరుపు లేని సున్నపు రంగు కొట్టించింది. నేల మీద షీటు పరిచి ఎర్రగా పూయించి, నడిచే దారి మేరకు వెలవెలబోయేలా రుద్దించింది. పాత ఇళ్ళు పడగొట్టే చోటికి వెళ్ళి చెక్క కిటికీ రెక్కలు తెచ్చి అల్యూమినియానికి అడ్డంగా బిగించింది. స్విచ్చుల మీద చెక్క బోర్డు, దాని మీద నల్లటి గుండ్రటి స్విచ్చులు. కిటికీలోంచి ఫోను టవరు కనిపిస్తుంటే దండెం కట్టి దుప్పటి ఆరేయించింది. నటులు చేత్తో పట్టుకునే గిన్నె, గ్లాసు, రేడియో మాత్రం అసలువి. వెనక అలమరలో వరసగా ఉన్న డబ్బాలు అట్టముక్కలకి వెండి రంగు కాగితం చుట్టినవి. గుడ్డలన్నీ టీ డికాషన్‌లో ముంచి ఆరేసింది.

తలుపు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అడుగున నీలం, దాని మీద పచ్చ, దాని మీద గోధుమరంగు పూసి, పూత ఆరాక ఒక్కో పొరా గరుకు కాగితంతో గీకింది. తలుపు పైభాగాన గొళ్ళెం వేలాడి వేలాడి చెక్క మీద గీసిన అర్ధచంద్రం లాంటి చార చేసింది. లోపలి వైపు, కింద, తనే నేల మీద కూర్చుని వీపు ఆనించి, సుద్దతో ఎత్తు గుర్తుపెట్టుకుంది. అక్కడ చెక్క కనిపించేదాకా గీకి, చేత్తో నూనె రాసి నునుపు చేసింది. చెయ్యి నొప్పెట్టినా ఆపలేదు. పచ్చ స్టూలు ఒకటి కొట్లో దొరికితే తలుపు పక్కన పెట్టి, నాలుగు కాళ్ళ అడుగూ అరగదీసింది.

మొదటి రోజే పెద్దాయన కెమెరాలోంచి చూసి తల పక్కకి తిప్పాడు. ఆయన కళ్ళు డేగ కళ్ళు. ఆ తలుపు సగం తెరిచి ఉంచుతావా, మూసేస్తావా అని అడిగాడు. సగం తెరిచే ఉంచండి, మొదటి నుంచి చివరిదాకా అలాగే అంది. ఆయన లోపలి చెక్క మీద కొంచెం వెలుతురు పడేలా ఒక దీపం జరిపాడు.

షూటింగ్ నడిచింది. ప్రతి సీనులోనూ తండ్రి వేషగాడు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ కొడుకుని దీవిస్తాడు, వెనకాల మసగ్గా ఆ తలుపు. డైరెక్టరు గారు మానిటర్‌లో మొహాలు చూసుకుంటూ భేష్ అన్నాడు. కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నాడని తెలియదు పాపం. పాపం అన్నది నేను, తుప్పక్క అనలేదు. ఆవిడ ప్రతి షాటుకీ ఫోటో తీసుకుని, స్టూలు వెంట్రుకవాసి జరిగినా మళ్ళీ దాని చోటుకి చేర్చేది.

ఆఖరి రోజు డైరెక్టరు గారు తల్లిని కారు పంపించి రప్పించాడు. పత్రికలవాళ్ళు వచ్చారు, పైపులాయన పెళ్ళాం పిల్లలతో వచ్చాడు. తల్లికి తన చిన్ననాటి ఇల్లు చూపించే కొడుకు, ఫోటోకి ఎంత బాగుంటుంది. ముసలావిడ ఓ మూల కుర్చీలో కూర్చుంది. తీయాల్సిన షాటేమిటంటే, తల్లి వేషమావిడ పాడుకుంటూ సామాన్ల గదిలోంచి బయటికి రావాలి. అంటే కెమెరా తలుపు దగ్గరికి వెళ్ళింది. మసక పోయి తలుపు మానిటర్ నిండా పడింది.

డైరెక్టరు గారు చూశాడు. గొళ్ళెం చూశాడు, లోపలి చెక్క చూశాడు. పచ్చ స్టూలు చూసేసరికి ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. తుప్పక్క అది కళ్ళారా చూసింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడకి ఆ క్షణాన కలిగిన సుఖం అంతా ఇంతా కాదు. హాలంతా నవ్విన ఆ నవ్వుకి వడ్డీతో సహా ముట్టింది.

"ఆ తలుపు తీసేయండి," అన్నాడాయన. ఫోన్‌లో నువ్వు అన్నవాడు నలుగురిలో ఉన్నాడు కాబట్టి మీరు అంటున్నాడు. "రంగేసేయండి. ఆ స్టూలు అవతల పారేయండి."

"కుదరదు డైరెక్టర్ గారూ," అంది తుప్పక్క నెమ్మదిగా. మొదటి రోజు నుంచీ ప్రతి షాటులో ఆ తలుపు అలాగే ఉందని, ఇప్పుడు రంగు మారితే దేనికీ దేనికీ అతకదని చెప్పింది. పోనీ కెమెరా అటు తిప్పండి అన్నాడు. అటు తిప్పితే అల్యూమినియం కిటికీ, తెల్ల టైల్సు, అన్నాడు పెద్దాయన. మొత్తం మళ్ళీ తీద్దాం అన్నాడు. పైపులాయన వెనక నుంచి, నా వల్ల కాదు బాబూ, రేపు ఇల్లు పడగొట్టేస్తున్నారు అన్నాడు. అన్ని దారులూ మూసేసి పెట్టింది తుప్పక్క. పత్రికలవాడొకడు ఆ తలుపులో ఏముందండీ అని అడిగాడు.

అప్పుడు ముసలావిడ లేచింది. ఎవరూ పిలవలేదు. నెమ్మదిగా నడిచి సెట్టులోకి వచ్చి, తలుపు లోపలి వైపు అరిగిన చోటుని చేత్తో తడిమింది. బాగా చేశావమ్మాయ్, సరిగ్గా ఇంత ఎత్తే అంది. తర్వాత స్టూలుని కాలితో కొడుకు వైపు నెట్టింది.

"అమ్మా, నాన్న చెయ్యమంటేనే," అన్నాడు డైరెక్టరు. అంత పెద్ద మనిషి గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. "నేను చిన్నవాణ్ణి."

"ఆయన కుర్చీలోంచి లేచేవారు కాదు. నువ్వే స్టూలెక్కి గొళ్ళెం పెట్టేవాడివి. చిన్నవాడివి, నిన్నేమీ అనను." ముసలావిడ తలుపు మీద చెయ్యి వేసింది. "ఆయన బయటికి వెళ్ళేవారు కదరా. సాయంత్రం దాకా వచ్చేవారు కాదు. ఇంట్లో నువ్వూ నేనే. నేను తలుపు అవతల్నుంచి పిలుస్తూనే ఉండేదాన్ని. తియ్యడానికి మాత్రం నువ్వు ఒక్కనాడూ ఆ స్టూలు ఎక్కలేదు."

డైరెక్టరు స్టూలు మీద కూర్చోబోయి, అదేమిటో గుర్తొచ్చినట్టు ఆగి, నేల మీద కూలబడ్డాడు. ముసలావిడ కొడుకుని లేవనెత్తలేదు. పాట వద్దని చెప్పు ఆ అమ్మాయికి, ఆ ఇంట్లో నేనెప్పుడూ పాడలేదు అని మాత్రం అంది. తల్లి వేషమావిడ పాడకుండానే, గొళ్ళెం తీసిన తలుపులోంచి బయటికి వచ్చింది. ఆ షాటే సినిమాలో ఉంది. చూసినవాళ్ళు ఆ తండ్రిని ఇక దేవుడనుకోలేదు.

తుప్పక్క ముసలావిణ్ణి కారు దాకా దిగబెట్టింది. ఆ స్టూలెందుకో ఆవిడకి అప్పటిదాకా తెలీదు. తెలిస్తే పెట్టేదా అంటే, పెట్టేదే. కానీ తన పగ కోసం తనే అల్లిన వల అనుకుంది ఇన్నాళ్ళూ. అత్తగారు తడి వేలితో గీసిన ఆ చదరం గుర్తొచ్చింది.

"ఎన్నేళ్ళుగా అనుకుంటున్నారత్తయ్యా ఇది?" అని అడిగింది.

"నువ్వు కోడలిగా రాకముందు నుంచి," అంది ముసలావిడ కారు తలుపు వేసుకుంటూ. "చేత్తో చేసి పెట్టే మనిషి దొరకొద్దూ?"

సినిమా వచ్చింది. తెర మీద కళ అన్న చోట తుప్పక్క అసలు పేరు ఒంటరిగా, పెద్ద అక్షరాల్లో పడింది. మూడో వరసలోనే కూర్చుని చూసింది ఆవిడ. పక్క సీట్లో ఎవరో ముసలాయన, ఈవిడెవరో తెలియక, భుజం తట్టి, ఆ ఇల్లు ఎవరు ఆలోచించారో గానీ గొప్ప బుర్రమ్మా అన్నాడు.

"మా అత్తయ్య," అంది తుప్పక్క. "నేను సామాన్లు సర్దానంతే."